హేమావతి ఎడమ చెంప

హేమావతి పెళ్లి ఫోటోలో హేమావతి లేదు. ఓబుళేసు పక్కన సున్నం కొట్టిన గోడలాంటి ముఖం ఒకటి ఉంది. దాని కింద మెడా చేతులూ వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు నల్లగా ఉన్నాయి. ఓబుళేసు తెల్లతోలు మనిషి. అతని ముఖానికి వెలుతురు సరిపెడితే పెళ్లికూతురు చీకట్లో కలిసిపోతోంది. ఆమెకు సరిపెడితే అతని ముఖం ఉత్త కాగితమైపోతోంది. ఫోటోగ్రాఫరు విసుగొచ్చి, పౌడరు డబ్బా తెప్పించి, ఆమె ముఖాన మందంగా పూసి, దగ్గర్నుంచి ఫ్లాష్ కొట్టాడు.

పౌడరు కడుక్కున్న రోజే మొదటి దెబ్బ పడింది.

"ఫోటోలో ఉండే ఆడది యాడికి పాయ?" అని నవ్వుతూనే కొట్టాడు ఓబుళేసు. ఆ నవ్వు వల్ల అది సరసమో దెబ్బో ఆమెకు వెంటనే తెలియలేదు. పెదవి మీద ఉప్పగా తగిలాక తెలిసింది.

తనకల్లు దగ్గరి ఆ పల్లెలో అన్నీ కొట్టేవే. ఎండ కొడుతుంది. గాలి దుమ్ముతో కొడుతుంది. వాన ఎప్పుడో ఒకసారి వచ్చి, ఆలస్యానికి కోపం తెచ్చుకున్నట్టు రాళ్లతో కొట్టి పోతుంది. వేరుశనగ చేను ఇవన్నీ తిని మళ్లీ ఆకు వేస్తుంది. హేమావతి కూడా అట్లాగే కొన్నేళ్లు ఆకు వేసింది. ఒకరోజు ఓబుళేసు ఆమె తలను గడపకేసి కొట్టాడు. కారే రక్తాన్ని కొంగుతో అదుముకుని బస్సెక్కి, బుక్కరాయసముద్రంలో ఉన్న అక్క ఇంటికి వచ్చేసింది. మళ్లీ పోలేదు.

అక్కడే జాకబ్ ఆమెను చూశాడు.

జాకబ్ ఒకప్పుడు అనంతపురంలో స్టూడియో నడిపినవాడు. ఇప్పుడు బెంగళూరులో ఫోన్ కెమెరాలకు రంగు, వెలుగు సరిచేసే కంపెనీలో పెద్ద తలకాయ. ఫోను ఒక ముఖాన్ని చూసినప్పుడు ఎంత వెలుతురు తీసుకోవాలి, ఏ రంగును ఎటు జరపాలి అన్నది అతని బృందం నేర్పుతుంది. బెంగళూరు గదిలో దీపాలన్నీ చెప్పినట్టు వింటాయి. ఈ ఎండ ఎవరి మాటా వినదు. అందుకే ఏడాదికి కొన్నిసార్లు వ్యాను వేసుకుని శింగనమల చెరువు దగ్గరికి వస్తాడు. వెంట ప్రణీత్ అనే కుర్ర ఇంజనీరు ఉంటాడు. నల్లని ముఖాలు కావాలి వాళ్లకి. దారిలో బుక్కరాయసముద్రం శనగకాయల మిల్లు ముందు కూలీల మధ్య నిలబడ్డ హేమావతిని చూసి జాకబ్ ఆగిపోయాడు.

"నీ మొగం కావాలమ్మా," అన్నాడు.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?" అంది హేమావతి. మిల్లంతా నవ్వింది.

పిచ్చి కాదని తెలిశాక ఆ పనిలో కుదిరింది. మొదట తన ముఖమే ఇచ్చింది. తర్వాత ఊళ్లోంచి మనుషుల్ని పోగుచేసి తెచ్చే పనీ, స్టాండ్లు మోసే పనీ ఆమెవే అయ్యాయి. ఒకే బల్లమీద నాలుగైదు ఫోన్లు వరసగా బిగించి ఉంటాయి. వాటి ముందు కూర్చోవాలి. బూడిదరంగు అట్ట ఒకటి చెంప పక్కన పట్టుకోవాలి. ఆ అట్ట ఎక్కడైనా బూడిదే కాబట్టి, ఫోను దాన్ని నీలంగా చూపించినా పచ్చగా చూపించినా ఎంత తప్పిందో తెలిసిపోతుంది. చిన్న టార్చిలాంటి మీటరును నుదుటికీ రెండు చెంపలకూ ఆనించి చర్మం అసలు రంగు కొలుస్తారు: ఎంత వెలుగు, ఎంత ఎరుపు, ఎంత పసుపు. ఫోటోలోని ముఖం ఆ కొలతకు ఎంత దూరంగా ఉందో తర్వాత లెక్కగడతారు.

ఫోను తప్పు చేసే తీరు ఆమెకు వింతగా తోచేది. తెల్లగోడ ముందు కూర్చోబెడితే, ఇంత తెలుపు ఉందేమని బెదిరి వెలుగు తగ్గించేస్తుంది, ముఖం బొగ్గైపోతుంది. ఎర్రనేల మీద కూర్చోబెడితే, ఎరుపంతా వెలుతురుదే అనుకుని దాన్ని చంపడానికి నీలం కలుపుతుంది. ముఖం చితిబూడిద రంగుకు తిరుగుతుంది. తన ముఖాన్ని తాను బూడిదగా మొదటిసారి చూసుకుంది. చచ్చిపోయినాక నేను ఇట్లా ఉంటాను కాబోలు అనుకుంది.

"ఈ ఫోనుకు కూడా నల్లోళ్లంటే పడదా సార్?" అని అడిగింది.

"దానికి పగ లేదమ్మా. మనలాంటోళ్లని చూసి నేర్చుకోలేదు, అంతే. చూపించాల," అన్నాడు జాకబ్. అతనూ నల్లనివాడే.

ఆ వేసవిలో ప్రణీత్ ఫోనులో కొత్త మార్పు ఒకటి తెచ్చాడు. నల్లని ముఖాల్లో అక్కడక్కడా చీకటి గుంటలు పడుతుంటే అది వాటిని నీడలుగా ఎంచి వెలుగుపెట్టి పైకి లేపుతుంది. రంగు ఎటో జారిపోతుంటే, మంచి చామనఛాయ అని తాను నేర్చుకున్న గీత లోపలికి లాగుతుంది. గరుకును కొంచెం నున్నగా చేస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏది బాగుందో చెప్పమని వచ్చిన ప్రతి మనిషినీ అడిగారు. మొదట వేలు పెట్టింది హేమావతే. కొత్తదాని మీద. ఆ ముఖం బొగ్గూ కాదు, బూడిదా కాదు. వాన వెలిసిన తర్వాతి నేలలా నిండుగా, ఏ మరకా లేకుండా ఉంది. ఆమె జీవితంలో ఎవరూ ఆమెను ఇంత మెత్తగా చూడలేదు.

చెన్నమ్మ మాత్రం కళ్లు చిట్లించింది. డెబ్బై ఏళ్ల ముసలామె. శుక్రవారమని ముఖం నిండా పసుపు పూసుకుని వచ్చింది.

"నా పసుపు యాడ పాయప్పా?" అంది.

"పసుపు రంగు ఎక్కువైంటే ఫోను సరిచేసింది అవ్వా," అన్నాడు ప్రణీత్.

"సరిచేసేదేంది? పొద్దున్నే నూరి పూసుకున్నా. నా పసుపు తినేసింది ముండ ఫోను!"

వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లంతా కడుపుబ్బ నవ్వారు. జాకబ్ నవ్వాడు. హేమావతి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ముసలామె కూడా చివరికి నవ్వి, అందరూ వేలు పెట్టినచోటే తనూ పెట్టింది. చినుకులు పడే కాలానికి ఆ మార్పు అప్‌డేట్‌గా జనం ఫోన్లలోకి వెళ్లిపోయింది.

తర్వాతి షూటింగుకు హేమావతి బస్సు దిగి, అల్యూమినియం స్టాండు భుజాన వేసుకుని చెరువు కట్ట మీద నడుస్తోంది. వ్యాను ఇంకా రాలేదు. తుమ్మచెట్టు పక్కన ఎవరిదో ట్రాక్టరు ఆగి ఉంది. ఓబుళేసు దాని చక్రానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమే, మొగం అమ్ముకుంటాండావంట?"

ఆమె ఆగలేదు.

"ఊర్లో నా కొడుకులంతా నవ్వుతాండారు. నీ పెండ్లాం మొగం బెంగళూరులో బల్లమీద పెట్టి చూస్తాండారంట గదా అని. నేను చూడలేని మొగం ఎవడు చూస్తాండాడే?"

"నువ్వు చూసింటివా ఎన్నడన్నా? పక్కకు జరుగు."

పిడికిలి రావడం ఆమెకు కనిపించలేదు. ఎడమ కన్ను కింద ఎముక మీద పడింది. లోపల ఎక్కడో ఎండుకట్టె విరిగిన చప్పుడు. చెరువూ ఆకాశమూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. జుట్టు పట్టి లేపి మళ్లీ అక్కడే కొట్టాడు. ఆ చోటు మీద అతనికి పాత పగ ఉన్నట్టు మళ్లీ అక్కడే. కిందపడ్డ ఆమె నోట్లోకి ఎర్రమట్టి వచ్చింది. మోకాలు ఆమె పక్కటెముకల మీద దిగింది. ఇన్నేళ్లుగా ఆ క్షణంలో ఆమె చేసేది ఒక్కటే: లోపలికి ముడుచుకుని, అయిపోయేదాకా కాచుకోవడం. ఈసారి చేతికి స్టాండు తగిలింది. పడుకున్నచోటునుంచే దాన్ని విసురుగా తిప్పింది. అది ఓబుళేసు దవడ మీద చెళ్లుమంది. అతను వెనక్కి తూలాడు. ఆమె లేచి రెండు చేతులతో ఎత్తి మెడ మీద ఇంకోటి వేసింది. తన గొంతులోంచి వస్తున్న అరుపు తనదేనని ఆమెకు తెలియలేదు. గొర్రెలు కాసే ఇద్దరు పరుగెత్తుకొచ్చి విడదీసేటప్పటికి స్టాండు వంగిపోయి ఉంది.

వాళ్లు చూసింది ఆఖరి దెబ్బలే. అవి ఆమె కొట్టినవి.

స్టేషన్లో ఎస్సై లేడు, జాతర బందోబస్తుకు పోయాడు. పద్మప్రియ అనే హెడ్ కానిస్టేబుల్ ఇద్దరినీ చెరో బెంచీ మీద కూర్చోబెట్టింది. చెడ్డ మనిషేం కాదు. హేమావతికి ముందు నీళ్లిచ్చింది. కొత్త ఫోను తీసి ఇద్దరి ముఖాలనూ ఫోటోలు తీసి ఎస్సైకి పంపింది.

"ఏదీ, యాడ కొట్టినాడు?" అని అడిగింది ఫోనులో బొమ్మను వేళ్లతో సాగదీస్తూ.

"ఈడ మేడమ్."

"ఈడ ఏమీ లేదే."

ఫోను ఇటు తిప్పింది. హేమావతి చూసింది. నున్నటి, నిండైన, ఏ మరకా లేని ముఖం. కొంచెం బుగ్గలు పట్టినట్టుంది, అంతే. తను ఓటేసిన ముఖం.

ఎడమ కన్ను సగం మూసుకుపోతోంది, చెంప లోపల పొయ్యి మండుతోంది, ఫోనులో మనిషి మాత్రం పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఉంది. తన ఫోను తీసి తనూ తీసుకుంది. అదే కంపెనీది, పనిలో ఇచ్చింది. అందులోనూ అదే ముఖం. ఒక్క గడియ ఆమెకు తన నొప్పి మీదే అనుమానం వచ్చింది.

ఓబుళేసు ఫోటోలో అన్నీ ఉన్నాయి. మార్పు నల్లని ముఖాలకే చేశారు. తెల్లతోలు జోలికి పోలేదు. దవడ మీద ఎర్రటి వాత గీసినట్టు లేచింది. మెడ మీద రెండోది మందారంలా విచ్చుకుని ఉంది.

ఎస్సై జవాబు వాయిస్‌లో వచ్చింది. గదంతా వినబడింది. "మగోడికే గదమ్మా దెబ్బలుండేది? ఆయమ్మ మీద రాయించు. సాక్షులు గూడా ఉండారు."

ఓబుళేసు లేచి, నీళ్ల కుండ వైపు పోతూ ఆమె బెంచీ దగ్గర వంగాడు. అతని నోట్లో వక్కపొడి వాసన.

"చూసినావా? నిన్ను ఎంత కొట్టినా కనపడదంట. ఇంగ నాకేం భయం?"

ఇంతకాలం అతను చెయ్యి ఎత్తేముందు కనీసం గోడవతల ఎవరున్నారో చూసేవాడు. ఇక అదీ చూడడు. హేమావతి జాకబ్‌కు ఫోను చేసింది. "సార్, ఫోను నా దెబ్బ తినేసింది," అని మాత్రం అనగలిగింది.

వ్యానులో నేరుగా స్టేషనుకు వచ్చిన జాకబ్ గడపలోనే ఆగి ఆమె ముఖాన్ని చూశాడు. తర్వాత పద్మప్రియ చేతిలోని ఫోను చూశాడు. అతని ముఖంలో ఏదో కూలింది. వెనకాల ప్రణీత్ తల దించుకున్నాడు.

"మేడమ్, ఒక్క ఫోటో. మీ ఫోనుతోనే, మీ చేత్తోనే తీయండి. నేను ముట్టుకోను," అన్నాడు జాకబ్.

"తీసినా గద సార్."

"ఫోను తనకు తోచిన సింగారమంతా చేసి ఇచ్చింది మేడమ్ అది. సింగారం చేయకముందు కెమెరా చూసిందాన్ని చూస్తాం."

ట్యూబులైటు ఆర్పమన్నాడు. రెండు వెలుగులు కలిస్తే రంగు తేలదని చెప్పి, హేమావతిని కిటికీ పక్కకు, ఎండ నేరుగా పడనిచోటికి జరిపాడు. అతను తెచ్చిన బూడిద అట్టను ఆమె అలవాటుగా చెంప పక్కన పట్టుకుంది. పద్మప్రియ ఫోనులో చేత్తో సర్దుకునే ప్రో మోడ్ తెరిపించి, మార్పులేవీ కలవని రా ఫైలు దాచేలా పెట్టించాడు. అట్ట మరీ తెల్లబడకుండా, మరీ చీకటి కాకుండా ఉండేదాకా వెలుగు సర్దమన్నాడు. పద్మప్రియ నొక్కింది. తర్వాత ఆ ఫైలు తెరిచి, బొమ్మలోని అట్ట మీద వేలు పెట్టమన్నాడు. ఇది బూడిద, దీన్నిబట్టి మిగతా రంగులు సరిచేసుకో అని ఫోనుకు చెప్పినట్టు.

రంగులు ఒక్కసారి కదిలి నిలబడ్డాయి.

ముఖం వచ్చింది. ఎడమ చెంప కుడిదానికంటే ఎత్తుగా లేచి ఉంది. కంటి కింద ముదురు వంకాయ రంగు గుంట. దాని అంచున పిడికిలి కణుపులు వరసగా దిగిన గుర్తులు. నల్లని చర్మం మీద దెబ్బ ఎర్రగా అరవదు. నలుపు మీద ఇంకో నలుపుగా, ఊదాగా, లోపల్నుంచి ఊరుతుంది. ఫోను ఆ గుంటనే నీడ అనుకుని లేపింది, ఆ ఊదానే తప్పనుకుని లాగేసింది. ప్రణీత్ మీటరును కుడి చెంపకు ఆనించాడు. పోయినసారి కొలతకు దగ్గరగానే చూపింది. ఎడమ చెంపకు ఆనించబోతే హేమావతి కెవ్వుమంది. "తాకించు," అంది పళ్లు బిగించి. వెలుగు అంకె బాగా కిందికి పడిపోయి ఉంది.

పద్మప్రియ ఫోనును హేమావతి ముఖం పక్కన పెట్టి చూసింది. అప్పుడు ఫోను దించేసి ముఖాన్నే చూసింది. పొద్దుటినుంచీ నేరుగా చూడడం అదే మొదటిసారి. రెండు వేళ్లతో ఎముకను మెల్లగా తాకింది. అది కొంచెం కదిలింది.

"అమ్మా!" అంది, తనకే తగిలినట్టు. రైటరును పిలిచి ఆస్పత్రికి చీటీ రాయమంది. ఓబుళేసు వైపు తిరిగి, "కూర్చోరా ఆడ," అంది.

ఎక్స్‌రేలో చెంప ఎముక చిట్లినట్టు వచ్చింది. ఓబుళేసు మీద కేసయింది. హేమావతి మీద కూడా అయింది. గొర్రెల కాపరులు చూసింది చూసినట్టే చెప్పారు. దానికి ఆమె బాధపడలేదు. "కొట్టినా గద, కొట్టలేదని ఎందుకు చెప్పల్ల?" అంది.

వ్యాను దగ్గర పంచాయితీ వేరే నడిచింది. జాకబ్ కంపెనీవాళ్లతో ఫోనులో అరిచాడు. ఫోను పెట్టేశాక ప్రణీత్ గొణిగాడు, "అందరికీ నచ్చింది సార్. వీళ్లే ఓటేశారు."

"నేనే వేసినా," అంది హేమావతి. కట్టు కింద నోరు సగమే తెరుచుకుంటోంది. "బాగుండాదనే వేసినా. నా జన్మలో నన్ను నేను అంత బాగా చూసుకోలేదప్పా. నేను నల్లగా బాగుండేది చూపించమంటిని. వాడు కొట్టింది కడిగెయ్యమన్నానా?"

వేపచెట్టు కిందినుంచి చెన్నమ్మ గొంతు వచ్చింది. "నా పసుపు తినేసిందంటే ఆపొద్దు అందరూ నవ్వితిరి."

జాకబ్ నేల మీద కూర్చుండిపోయాడు. ఫోనుకు పసుపూ తెలియదు, దెబ్బా తెలియదు. గీత దాటిన రంగేదైనా దానికి తుడిచేయాల్సిన తప్పే. ముసలామె ఆ మాటే అరిచి చెప్పింది. వాళ్లకు అది నవ్వులా వినబడింది.

"నా చెంప తీయండి," అంది హేమావతి. "మానేదాకా రోజూ తీయండి. ఈ రంగు దానికి నేర్పండి."

అట్లా ఆమె దెబ్బ కొలతబద్ద అయింది. రోజూ అదే కుర్చీ, అదే అట్ట, అదే మీటరు. ప్రణీత్ ఆ లాగుడును చాలా తగ్గించాడు. ముఖం మీద పడిన నీడకూ చర్మం మీది మరకకూ తేడా పోగొట్టకుండా చూశాడు. నున్నగా చేసేది అడిగితే తప్ప చేయకుండా ఆపాడు. బొగ్గూ బూడిదా మళ్లీ రాకూడదు, చెంప మీది నిజం పోకూడదు. ఆ రెండింటి మధ్య సన్నటి దారి. చాలాసార్లు ఇటో అటో పడ్డారు. పుట్టుమచ్చలవాళ్లను, మశూచి గుంటలవాళ్లను, పొలంలో ఎండకు కమిలినవాళ్లను, పసుపు పూసుకున్న ఆడవాళ్లను హేమావతే వెతికి తెచ్చింది. ఆమె దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో కొందరు కొంగు తీయడానికి జంకేవాళ్లు. ఆమె తన చెంప చూపించేది. వాళ్లు తీసేవాళ్లు. ఈ నేలమీద ఎంతమంది ముఖాల్లో ఎన్ని పిడికిళ్లున్నాయో ఆ కుర్చీ చూసింది.

దెబ్బ వంకాయ రంగునుంచి ఎండిన చింతాకు రంగుకు తిరిగింది. ఒక ఉదయం అంచులు పసుపుపచ్చగా తిరిగాయి. చెన్నమ్మ పక్కనొచ్చి కూర్చుని చూసింది.

"ఏమే పాపా, ఒక్క చెంపకే పసుపు పూసుకున్నావే?"

హేమావతి నవ్వబోయి నొప్పికి ఆగింది. జాకబ్ ఇద్దరినీ కలిపి తీశాడు. బొమ్మలో ముసలామె ముఖం నిండా శుక్రవారం పసుపు ఉంది, పూసిన వేళ్ల గీతలతో సహా. హేమావతి చెంప మీద మానుతున్న దెబ్బ పసుపు ఉంది. రెండూ వేరువేరు పసుపులు. ఫోను రెండింటినీ ముట్టుకోలేదు. వాటి చుట్టూ రెండు నల్లని ముఖాలు ఎండలో వెచ్చగా, స్పష్టంగా ఉన్నాయి.

హేమావతి వాట్సాప్‌లో అంతవరకూ గులాబీపువ్వు బొమ్మ ఉండేది. దాన్ని తీసేసింది. తను ఓటేసిన నున్నటి ఫోటో పెట్టలేదు, ఈ పసుపు ఫోటో పెట్టలేదు. స్టేషన్లో పద్మప్రియ తీసిన మొదటి నిజం ఫోటో పెట్టింది. మూసుకుపోతున్న కన్ను, వంకాయ గుంట, కణుపుల వరస, పక్కన బూడిద అట్ట.

బెయిలు మీద బయటికొచ్చిన ఓబుళేసు కొత్త నంబరునుంచి ఫోను చేశాడు. అతని గొంతు తగ్గి ఉంది.

"ఊరంతా చూస్తాండారు. తీసెయ్యే దాన్ని."

"ఫోటోలో ఉండే ఆడది యాడికి పాయ అంటివి గదా," అంది హేమావతి. "ఈడ ఉండాది. చూసుకో."

ఫోను పెట్టేసి, కుర్చీలో కూర్చుని, అట్టను చెంప పక్కకు ఎత్తి పట్టుకుంది.